ఆగని ఫ్యాను

మా అల్లుడు జ్ఞానదాసు మధురవాడలో కరెంటు పని చేస్తాడు. మొన్న ఆదివారం గుడి నుంచి రాగానే ఫోనులో చిన్న వీడియో తీస్తానని మా మెయిన్ బోర్డు ముందు నిలబడ్డాడు. ఫోను నా చేత పట్టించాడు.

"ఇది షాక్ నుంచి కాపాడే బ్రేకర్. నెలకోసారి ఈ 'టి' బటన్ నొక్కండి. వెంటనే కరెంటు పోతే ఇది పనిచేస్తన్నట్టే. మీట మళ్ళీ పైకెత్తండి" అని నొక్కాడు.

ఫ్యాను తిరుగుతానే ఉంది. గట్టిగా నొక్కాడు. అయినా తిరుగుతానే ఉంది.

"ఏటల్లుడూ, బటన్ కూడా నీ మాట వినదేటి?" అన్నాను.

అతను నవ్వలేదు. అప్పటికే మా అమ్మాయి జయ గీజరు వేసుకుని స్నానానికి వెళ్ళింది.

"జయా, నీళ్ళు ముట్టుకోకు!" అని అరిచి మెయిన్ దించేశాడు.

"ఇది నానే బిగించాను అత్తా. ఉప్పుగాలికి పట్టేసినట్టుంది. షాక్ కొట్టినా మీట పడేది కాదు. నొక్కి చూడమని మీకు చెప్పలేదు. నాను బిగించిన ఏ ఇంట్లోనూ చెప్పలేదు."



కొత్త బ్రేకర్ పెట్టి నొక్కితే ఫ్యాను ఆగింది. "వీడియో మళ్ళీ తీద్దామా?" అన్నాను.

"వద్దత్తా, ఫ్యాను ఆగని వీడియోనే అందరికీ పెడతాను."

వడ్డించిన అన్నం ముట్టకుండా, తాను బిగించిన ఇళ్ళల్లో నొక్కి చూడ్డానికి బండి తీశాడు.