మేడమ్ గారి బ్యాగు

బాపట్లలో ఆ ఆడపిల్లల హాస్టల్‌కు ఫ్లోరెన్స్ వార్డెన్ అయినప్పటి నుంచి ఒకటే పద్ధతి. ఊరికి వెళ్ళి వచ్చిన పిల్ల ఎవరైనా సరే, గదిలో అడుగు పెట్టే ముందు వరండాలో పరిచిన తెల్ల దుప్పటి మీద బ్యాగు దించాలి. ఫ్లోరెన్స్ కళ్ళజోడు సర్దుకుని, టార్చి వేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో కుట్ల వెంబడి గీరుకుంటూ పోతుంది. జిప్పు పక్క మడతలు, చక్రాల సందులు, పట్టీల అడుగు, లోపలి గుడ్డ మూలలు, ఏదీ వదలదు. "నల్లికి రైలు టికెట్టు అక్కర్లేదమ్మా, మీ బ్యాగుంటే చాలు" అంటుంది. పిల్లలు చాటుగా ఆమెను కస్టమ్స్ ఆఫీసరు అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

మురిసిపోయే హక్కు ఆమెకుంది. ఆమె రాకముందు ఈ హాస్టల్లో నల్లుల బాధకు పిల్లలు పరుపులు మేడ మీదికి మోసుకెళ్ళి పడుకునేవారు. కిరసనాయిలు చల్లారు, కలరా ఉండలు వేశారు, ఎండలో మంచాలు వాల్చారు. ఇక్కడ తరిమితే అక్కడ తేలేవి. ఫ్లోరెన్స్ వచ్చాక ఇనప మంచాల కీళ్ళలో మరుగుతున్న నీళ్ళు పోయించి, పట్టు వదలకుండా వెతికించి, పేరు లేకుండా చేసింది. ఆ తరవాత ఒక్క నల్లి కూడా ఆమె కళ్ళు దాటి లోపలికి రాలేదు. కనీసం ఆమె నమ్మకం అది.

అలాంటి హాస్టల్లో ఈ ఏడు ఒక పొద్దున పింకీ లేచి చేతులు చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా వరసగా ఎర్రటి దద్దుర్లు. పింకీది కొల్లూరు, డిగ్రీ రెండో ఏడు, నోటికి తాళం లేని పిల్ల. మధ్యాహ్నానికి హాస్టలంతా తీర్పు చెప్పేసింది. ఆ గదికి కొత్తగా వచ్చింది హీనా ఒక్కతే. రేపల్లె నుంచి రైల్లో వచ్చింది. ఇంకేం కావాలి? కంచం పట్టుకుని హీనా వచ్చి కూర్చుంటే పక్కన ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

హీనా గొడవ పడలేదు. సాయంత్రం ఫ్లోరెన్స్ గది గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తూ చెప్పింది. "నేను వెళ్ళిపోతానండి మేడమ్. మా నాన్నకి ఫోన్ చేశాను. రేపు పొద్దున వస్తున్నారు."

ఫ్లోరెన్స్‌కు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ లేచిపోయిన ఇద్దరి మీద. హీనా వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. తండ్రి అక్బర్ రేపల్లెలో టైలరు. ఇలా ఒకసారి ఇంటికి వెళ్ళిపోతే ఈ పిల్ల మళ్ళీ రాదు. ఆ సంగతి ఫ్లోరెన్స్‌కు బాగా తెలుసు.

"నీ బ్యాగు నేను చూశాను కదే. నా చేతి కింద దాటిపోయే నల్లి ఇంకా పుట్టలేదు. రేపు మళ్ళీ చూద్దాం, అందరి ముందూ చూద్దాం" అంది.

పొద్దున టిఫిన్ కాగానే వరండాలో దుప్పటి పరిచింది. పిల్లలంతా చుట్టూ మూగారు. అక్బర్ అప్పుడే వచ్చి గోడవార కుర్చీ అంచున కూర్చున్నాడు. ఫ్లోరెన్స్ హీనా బ్యాగును బోర్లించి, తిప్పి, గీరి, దులిపింది. దువ్వెన పళ్ళ ముక్క ఒకటి రాలింది. నల్లి లేదు, నల్లి రెట్ట నల్ల చుక్క లేదు, అది విడిచిన పొట్టు లేదు. తరవాత గదిలో మంచాలు చూసింది. హీనా మంచం శుభ్రంగా ఉంది. పింకీ మంచం తల వైపు పరుపు కుట్టులో మాత్రం మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. తడి గుడ్డతో తుడిస్తే తుప్పు రంగు మరక సాగింది. గోధుమ రంగు పొట్టు, బియ్యపు నూకలో సగమైనా లేని తెల్లటి గుడ్లు కనిపించాయి.

"ఈ మంచం మీద ఏ బ్యాగు పెట్టావే?"

పింకీ బుర్ర గోక్కుంది. "ఏదీ పెట్టలేదండి. మా అక్క పెళ్ళికెళ్ళి రాత్రి పొద్దుపోయి వచ్చిన రోజు మీ బ్యాగు పెట్టానంతే, మీదే కదా అని వరండాలో విప్పలేదు. పొద్దున్నే మీకు తెచ్చి ఇచ్చేశాను కదండి."

ఫ్లోరెన్స్ చేతిలో టార్చి ఆగిపోయింది. పిల్లలకు అవసరమైతే తన బ్యాగు ఇవ్వడం ఆమెకు అలవాటు. ఆ బ్యాగు అంతకు ముందే ఆమెతో వేలూరు వెళ్ళి వచ్చింది. చెల్లెలిని ఆస్పత్రిలో చూపించడానికి లాడ్జీలో దిగారు. బ్యాగును లాడ్జీ మంచం మీదే పెట్టి సర్దుకుంది. తిరిగొచ్చిన రోజు రిక్షా దిగి నేరుగా గదిలోకి వెళ్ళింది. వార్డెన్ బ్యాగును వరండాలో విప్పించే వాళ్ళెవరు?

పింకీకి పెళ్ళిలో అంటి ఉండవచ్చు కదా అని మనసు ఒక దారి చూపించింది. ఆమె ఆ దారి పట్టలేదు. గదిలోకి వెళ్ళి అలమరా తెరిచింది. లాడ్జీలో కప్పుకున్న శాలువాను అక్కడే ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడి వేసింది. ఉతకాలనుకుంటూనే మరిచిపోయింది. ఆ ముడి ఇంకా అలాగే ఉంది. విప్పకుండానే టార్చి వేసి చూసింది. కవరు లోపల మూలన రెండు నల్లులు పాకుతున్నాయి.

ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదే అనుకుంది. కుట్టినా కొందరికి దద్దురు రాదని, వయసు మీరిన వాళ్ళకు మరీనని పిల్లలకు చెప్పింది తనే. తన మంచం కోడు దగ్గర పరుపు ఎత్తి చూసింది. అక్కడా ఉన్నాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తలుపు వేసి, నీళ్ళు కాచుకుని, అన్నీ చడీ చప్పుడు లేకుండా కడిగేసుకోవచ్చు. హీనా సామాను సర్దుకుని వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

ఫ్లోరెన్స్ ఆ కవరు పట్టుకుని వరండాలోకి వచ్చి తెల్ల దుప్పటి మధ్యలో పెట్టింది.

"చూడండి. ఇవి వేలూరు లాడ్జీవి. తెచ్చింది నేను. నా బ్యాగులో నుంచి పింకీ మంచం ఎక్కాయి. హీనాది ఏ తప్పూ లేదు. నిన్న దాని పక్క నుంచి లేచి వెళ్ళిన వాళ్ళు ఇవాళ దాని పక్కనే కూర్చుని అన్నం తినాలి." గొంతు ఎక్కడా తగ్గలేదు. అక్బర్ వైపు తిరిగింది. "అక్బర్ గారూ, మీ అమ్మాయికి నా వల్ల మాట వచ్చింది. క్షమించండి."

అక్బర్ గబుక్కున లేచాడు. "అయ్యో, అంత మాట ఎందుకండి మేడమ్ గారు" అని కూతురి వైపు చూశాడు. "ఏమ్మా, బయల్దేరదామా?"

ఫ్లోరెన్స్ జవాబు కోసం ఆగలేదు, ఆగితే కళ్ళు తడవడం పిల్లలు చూస్తారని భయం. పనులు పురమాయించడం మొదలుపెట్టింది. "బట్టలు గదిలోనే కవర్లలో వేసి ముడి వేయండి, చేత్తో మోసుకొస్తే దారంతా రాలుస్తారు. నూలు బట్టలు మరిగే నీళ్ళలో వేసి అరగంట ఉంచాలి. శాలువాలూ సిల్కులూ తెనాలిలో చిట్టిబాబు లాండ్రీకి పంపుదాం, వేడికి ఓర్చుకునేవి డ్రయ్యర్‌లో వేస్తాడు, మిగతావి ఎలా చేయాలో అతన్నే అడుగుదాం. బట్టల మీద మందు కొట్టారో ఊరుకోను. గదులకు మందు కొట్టేవాళ్ళను పిలుస్తాను. గుడ్లు పిల్లలవుతాయి కాబట్టి రెండు వారాలకు మళ్ళీ రమ్మంటాను. నా బ్యాగుకు కుట్టు కుట్టుకూ ఆవిరి పట్టాలి, నెమ్మదిగా."

దుప్పటి మీద ఉన్న పాత ఏటీఎం కార్డు కోసం చెయ్యి చాచింది. అది అక్కడ లేదు.

కార్డు హీనా చేతిలో ఉంది. టార్చి కూడా. పిల్ల చున్నీ నడుముకు బిగించి దుప్పటి పక్కన గొంతుక్కూర్చుంది.

"మేడమ్, మీ బ్యాగు ఇలా తెచ్చి పెట్టండి" అంది. "నేను చూస్తాను."

ఫ్లోరెన్స్ వెళ్ళి బ్యాగు తెచ్చి, మిగతా పిల్లల్లాగే చేతులు కట్టుకుని నిలబడింది.