తగ్గించని ఐసు రేటు

నన్ను ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను మరిచిపోను. పెళ్ళి బంతిలో నన్ను దాటుకుని పక్కవాడికి పులిహోర వడ్డించిన మా బావమరిది ఇంటికి ఇప్పటికీ వెళ్ళను. ఆయన చూడలేదంటాడు. చూశాడు. అలాంటి నాకు ముఖం మీదే కుదరదని చెప్పి కూడా, నా మనసులో గౌరవం మిగుల్చుకున్న మనిషి ఒకరే ఉన్నారు. భీమవరంలో నేను ఐసు తీసుకునే ఫ్యాక్టరీ యజమానురాలు.

మాది చేపల వ్యాపారం. చెరువుల దగ్గర కొన్న బొచ్చె, శీలావతి మా షెడ్డులో ఐసు వేసి ప్యాక్ చేసి రాజమండ్రి మార్కెట్టుకు పంపుతాం. ఐసు ఆవిడ దగ్గరే, ఏళ్ళ తరబడి. ఒక ఎండాకాలం బైపాస్ పక్కన ఎవరో కొత్త ఫ్యాక్టరీ పెట్టి ఐసు దిమ్మకు తక్కువ రేటు చెప్పారు. నేను వెంటనే ఆవిడ దగ్గరికి వెళ్ళి, దిమ్మలు ఎక్కించే అరుగు మీద అందరూ వినేలా అడిగాను.

"ఏంటమ్మా, పాతవాళ్ళమని మాకు ఎక్కువ రేటా? తగ్గిస్తారా, మమ్మల్ని పొమ్మంటారా?"

ఆవిడ తగ్గిస్తాననలేదు, తగ్గించననలేదు. "రేపు నేనే మీ షెడ్డుకొస్తానండి అన్నయ్యగారూ," అని లోపలికి వెళ్ళిపోయారు.

పదిమందిలో నాకు జవాబు ఇవ్వలేదు! ఇంటికి వెళ్ళేదాకా అదే రగిలింది. ఆవిడకున్న పెద్ద ఖాతాల్లో నాదొకటి. నేను మానేస్తే ఆవిడకు దెబ్బే. నాకూ తేలిక కాదు. కరెంటు కోతల్లో ఊరంతా ఐసు కోసం ఎగబడే రోజుల్లో కూడా మాట తప్పకుండా ఇచ్చిన చోటు అది. అయినా పంతం పంతమే.

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద వచ్చారు. నేను కుర్చీ చూపించలేదు. ఆవిడే ఖాళీ ట్రే ఒకటి బోర్లించుకుని కూర్చున్నారు.

"రేటు తగ్గించలేనండి," అన్నారు ముందుగానే. "చూద్దాంలెండి అని మిమ్మల్ని వారం తిప్పుకోవడం నాకిష్టం లేదు. నిన్న అందరి ముందూ ఈ మాటంటే మీకు చిన్నతనంగా ఉంటుందని ఇక్కడికొచ్చాను."

"మాకంటే ఎక్కువ తీసుకునేవాళ్ళు ఎంతమందున్నారమ్మా మీకు?"

"తక్కువేనండి. కాదనను. కానీ మిగతావాళ్ళకి తెలియకుండా మీకొక్కరికే తగ్గించాననుకోండి. రేపు మీకు తెలియకుండా ఇంకెవరికి తగ్గిస్తున్నానో అని మీకే నిద్ర పట్టదు."

నా సంగతి ఆవిడకు బాగానే తెలుసు. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

"పోనీ అందరికీ తగ్గించండి."

"అందరికీ తగ్గించాలంటే గడ్డ పూర్తిగా కట్టకముందే డబ్బాల్లోంచి తీసెయ్యాలండి. కరెంటు బిల్లు మిగులుతుంది, దిమ్మ మధ్యలో నీళ్ళుంటాయి. మీ చేప రాజమండ్రి చేరేసరికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?"

"అంటే బైపాస్ వాళ్ళ దిమ్మలో నీళ్ళున్నాయంటారు!"

"వాళ్ళ ఐసు సంగతి నాకు తెలీదండి. నాది చెప్తున్నాను. ఇంకోటి, మీ వ్యాను క్రషర్ దగ్గర వరుసలో నిలబడి ఎండలో దిమ్మలు కరగబెట్టుకుంటోంది. బయల్దేరేముందు ఒక ఫోన్ చెయ్యండి. వచ్చేసరికి క్రషర్ ఖాళీ చేయించి, నేరుగా పొడి కొట్టించి ఎక్కిస్తాను. ఫోన్ చేస్తే ఎవరికైనా అంతేననుకోండి," అన్నారు.

"అదీ మాకొక్కరికే కాదన్నమాట."

"కాదండి," అని నవ్వుతూ లేచారు. టీ కూడా ఇవ్వలేదన్న సంగతి ఆవిడ వెళ్ళాక గుర్తొచ్చింది.

అయినా నేను బైపాస్ ఫ్యాక్టరీకి మారాను. అక్కడ ఐసు బాగానే ఉంది. అబద్ధం చెప్పను. కొన్నాళ్ళకు, నాకంటే తక్కువ దిమ్మలు తీసుకునే ఒకాయన టీకొట్టు దగ్గర తన రేటు చెప్పాడు. నాకిచ్చినదానికంటే తక్కువ! ఆ తర్వాత రోజూ ఐసు కంటే ముందు అక్కడున్న ప్రతివాడి మొహం చూసేవాణ్ణి, వీడికెంతకిస్తున్నారో అని. తిండి సయించలేదు. ఆ ఫ్యాక్టరీవాళ్ళని అడిగితే, "మీకెవరు చెప్పారండి? అలాంటిదేం లేదు, చూద్దాంలెండి," అన్నారు.

పాత ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళిన రోజు, ఆవిడ ఒక్క పోటుమాట అంటే చాలు, వెనక్కి తిరిగి వచ్చేద్దామని సిద్ధపడే వెళ్ళాను. "ఎన్ని దిమ్మలండీ అన్నయ్యగారూ?" అన్నారు, మధ్యలో ఏమీ జరగనట్టు. రేటు పాతదే. ఎక్కించేవాళ్ళతో కూడా నన్ను గురించి ఎకసెక్కం ఆడించలేదు. నేనైతే కనీసం ఓ నవ్వు నవ్వి ఉండేవాణ్ణి.

చాలా రోజులు ఆగి నేనే కదిపాను.

"నేను వెళ్ళిపోతానని మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"మరి ఒక్క మాటైనా చెప్పి ఆపలేదేం?"

"ఆపాలంటే రేటు తగ్గించాలి కదండీ," అన్నారు. "అది కుదరదని చెప్పేశాను. ఇంక మిమ్మల్ని మాటలతో పట్టుకోవడం మర్యాద కాదు."

ఇలా చెప్పడం అందరికీ చేతకాదు. నాకు అసలే రాదు. ఆ రేటు ఎక్కువేనని మాత్రం ప్రతి ఎండాకాలం అరుగు మీద నిలబడి అంటూనే ఉన్నాను. ఆవిడ విని, తల ఊపి, దిమ్మలు లెక్క పెట్టిస్తారు.