ఏడడుగుల ఎత్తుకెక్కిన సెన్సర్

కాశీరాం ఆర్మూర్ల ఏసీ మెకానిక్కు. తొమ్మిదో తరగతి తప్పి, మస్కట్ పోయి, పదకొండేండ్లు అక్కడి ఏసీల కడుపుల చేయి పెట్టి వచ్చినోడు. ఒక షేకు గుడారంల ఒంటెలకు ఏసీ బిగిస్తే, ఆ ఒంటెలు మూడు రోజులు ఎండలకు రామని మొండికేసినయని చెప్తడు. ఆయన గోడకు చెవి ఆనిస్తే పైపుల గ్యాసు యాడ కారుతుందో తెలిసిపోతదని బస్టాండు కాడ చాయ తాగేటోళ్లు చెప్తరు. ఇందుల సగం ఆయన చెప్పుకున్నదే, మిగతా సగం విన్నోళ్లు పెంచింది.

కానీ కొత్త గ్యాసు మిషన్ల కాడ మాత్రం కాశీరాం ఎచ్చులు పోడు. ఇప్పుడు కొన్ని ఏసీలల్ల ప్రొపేన్ వస్తున్నది. వంటగ్యాసుకు అది సొంత తమ్ముని వంటిది, అగ్గి తగిలితే అంటుకుంటది. వంటగ్యాసుల వాసన కలిపి అమ్ముతరు కాబట్టి ఇంటామెకు ముక్కుతోనే తెలిసిపోతది. ఏసీ గ్యాసుకు ఏ వాసన ఉండదు. గాలికంటె బరువు కాబట్టి కారితే పైకి పోదు, నీళ్ల లెక్క నేల మీద పరుచుకుంటది. మస్కట్ నుంచి తెచ్చిన పాత లీకు మిషన్ పాత గ్యాసును పసిగడుతది గానీ, ప్రొపేన్ ముందర పెడితే మొద్దు నిద్రపోతది. అందుకే కాశీరాం కొత్తది కొనుక్కున్నడు. దాన్ని పెండ్లాం వాణిని కూడ ముట్టనియ్యడు.

పసుపు ఆడ్తి రఘునందన్ సేటు పోయిన మాఘంల పిలిపించిండు. దుకాణం వెనుక రైతులు పండుకునే రూముకు ఏసీ పెట్టాలె. పసుపు తెచ్చిన రైతు బేరం కుదిరేదాక రెండు మూడు రోజులు ఆన్నే ఉంటడు. చల్లటి రూమిచ్చే సేటు కాడికే ఎక్కువ బండ్లు వస్తయి.

కాశీరాం టేపు పెట్టి కొలిచిండు. పన్నెండు పదిహేను, నూటెనభై చదరపు అడుగులు. "సేటు, గీ మిషన్ల మూడు వందల గ్రాముల గ్యాసున్నది. గోడకు గింత ఎత్తుల బిగిస్తే రూము నూటడెబ్బై అడుగులకు తక్కువ ఉండొద్దని దాని మీదనే రాసున్నది. నీ రూము సరిపోతది. చిన్న రూమైతే నేను బిగియ్యను."

"మూడు వందల గ్రాములకు గింత లెక్కనా? మా ఇంట్ల పద్నాలుగు కిలోల సిలిండరున్నది."

"అది వాసనొస్తది సేటు. ఇది చెప్పకుండ వస్తది."

నేల నుంచి జానెడు ఎత్తుల సెన్సర్ పెట్టిండు. గ్యాసు అంటుకునేంత కాకముందే, అందుల పావొంతుకే అది మొత్తుకుంటది, ఏసీని ఆపుతది, గోడ కింద జాలీకి బిగించిన చిన్న ఫ్యాన్‌ను తిప్పి ఆ గాలిని బయటికి నూకుతది. కాశీరాం తలుపు కింద కూడ రెండు వేళ్ల సందు ఉంచిండు. బిగించినోని పేరు, ఫోన్ నంబరు ఉన్న స్టిక్కర్ మిషన్‌కు అంటించి, ఫోటో తీసి దాచిపెట్టుమని వాణికి పంపిండు.

ఫాల్గుణంల సీజను ముదిరింది. బయట పసుపు పాలిష్ డ్రమ్ములు తిరుగుతుంటే, పచ్చటి దుమ్ము కింది జాలీల నుంచి రూములకు కొట్టింది. పొద్దున లేస్తే రైతుల మీసాలు కూడ పసుపే. గుమాస్తా లోకేశ్ జాలీల గోనె సంచి కుక్కిండు, తలుపు సందుకు ఇంకోటి మడిచి పెట్టిండు. సెన్సర్ దినాం కూసుడు మొదలు పెట్టింది. గ్యాసుకు కాదు. రైతులు మందు పోసుకుంటే ఆ ఆవిరికి కూడ అది కూస్తది.

సేటు రోజుకు మూడు ఫోన్లు. "కాశీరాం, నీ కోడి కూత ఆపుతవా, నేను మెడ విరవాల్నా?"

కాశీరాం నవ్వుకుంట పోయిండు. అడ్డమీద ఇరవై మంది రైతులు చూస్తుంటే, "దీనికి కూడ తాగుడు అలవాటైంది, పై అంతస్తుకు పంపుత" అని సెన్సర్‌ను పీకి ఏడడుగుల ఎత్తున బిగించిండు. అందరు నవ్విండ్రు. సీజను అయినంక కిందికి దించుదామని మనసుల అనుకున్నడు. గ్యాసు కింద ఉంటదని అందరికంటె ఎక్కువ తెలిసినోడు, చాయ పైసలు కూడ తీసుకోకుండ, తన చేతులతోనే ఆ పని చేసిండు.

పది దినాలకు ఫిల్టర్ కడుగుదామని పోతే రూము సగమైంది. కొనుగోలుదార్లకు వేరే గది కావాలని సేటు నడుమ ప్లైవుడ్ గోడ కొట్టించిండు. ఏసీ ఉన్న దిక్కు పన్నెండుకు ఎనిమిది. ఆరుగురు పండుకునేటందుకు మూడు మంచాలు, కింద మూడు చాపలు వేసి ఉన్నయి. కాశీరాం పైపు జాయింటు దిక్కు చూసిండు. ఇత్తడి నట్టు చుట్టు పసుపు గుండ్రంగ ఉంగరం లెక్క పట్టింది. ఏసీల నూనె కొంచెం కారినా దుమ్ము అక్కడనే అంటుకుంటది. సబ్బు నురుగు పూసిండు. గింజంత బుడగ లేచి, ఉబ్బి, పగిలింది. మళ్ల లేచింది.

అక్కడనే చాప మీద వాణి చిన్నబాపు, ఆమె తండ్రి తమ్ముడు రాజం కూసున్నడు. సెన్సర్ ఎక్కించిననాడు ఒకసారి వచ్చి పోయినోడే, ఏర్గట్ల నుంచి మళ్ల నలభై సంచుల పసుపు తెచ్చి రెండు రోజులైంది.

"ఏమైంది అల్లుడా? ఒంటె కనవడ్డదా?"

"మామా, ఇయ్యాల గీ రూముల పండుకోవద్దు."

"యాడ పండుకోవాలె మరి? సంచుల మీదనా? నా పసుపు యాడుంటె నేనాడ ఉంట."

కాశీరాం సేటు కాడికి ఉరికిండు. ఏసీ బయటి డబ్బా కాడ వాల్వు మూసి, గ్యాసునంత అందులకే గుంజి ఆపాలె. పావుగంట పని. కానీ బయటి డబ్బా ముందర సంచులు చూరు దాక పేర్చి ఉన్నయి, స్పానరు పట్టే సందు లేదు.

"సంచులు తీయించు సేటు."

"రేపు పొద్దుగాల లారీ ఎక్కుతయి. గిప్పుడు నలభై మంది హమాలీలను నువ్వు తెస్తవా?"

"గోనెలన్న తీయించు. చెక్క గోడ తీయించు. సగం రూములకు గంత గ్యాసు ఎక్కువ."

"నువ్వే కదా సరిపోతదని కొలిచినవ్?"

"నేను కొలిచిన రూము ఇది కాదు."

"మరి నువ్వు పైకెక్కించిన సెన్సరుందిగా, కూస్తే లేస్తరు." సేటు ఫోను చెవిన పెట్టుకున్నడు.

కాశీరాం ఆ మాటకు జవాబు చెప్పాలంటె, నేను తప్పు చేసిన, దాన్ని కిందికి దించుత అనాలె. ఇరవై మంది ముందర ఎచ్చులు పోయి ఎక్కించినదాన్ని, మళ్ల రైతుల ముందరనే దించాలె. అప్పటికే ఇద్దరు రైతులు మూతులు తిప్పుతున్నరు. ఆయన రూముకు తిరిగొచ్చి ఏసీ స్విచ్చు ఆపిండు, నట్టును ఇంకో చుట్టు బిగించిండు, బుడగ ఆగింది. జాలీల గోనెను తానే పీకిండు. రేపు తొమ్మిదింటికి వస్తనని రాజంకు చెప్పి ఇంటికి పోయిండు.

ఆయన పోయినంక దుమ్ము వస్తుందని గోనె మళ్ల జాలీల చేరింది. రాజం తన బట్టల సంచిని అన్నిటికంటె అందుబాటుల ఉన్న పైపుకు తగిలించిండు. తెల్లవారు జామున ఆ బరువుకు, అదనంగ బిగించిన చోట, రాగి మూతి చీలింది. ఏసీ ఆపి ఉన్నది కాబట్టి గాలిని కలిపే ఫ్యాన్ కూడ లేదు. మూడు వందల గ్రాములు వాసన లేకుండ, చప్పుడు పెద్దగ లేకుండ చాపల మీద దుప్పటి లెక్క పరుచుకున్నయి. ఏడడుగుల ఎత్తున సెన్సర్ పచ్చ లైటు వెలిగించుకుని ఉన్నది.

ఐదింటికి రాజం లేచి చాప మీదనే బీడీ ముట్టించిండు.

చెక్క గోడ అవతలికి ఎగిరి పడ్డది. మంచాల మీదున్న ముగ్గురికి కాళ్లు కాలినయి. పైపు కాడి ఇద్దరు ఆ జామునే బయటికి పోయి ఉండి తప్పించుకున్నరు. కింద కూసున్న రాజంకు రెండు చేతులు, మోకాళ్ల దాక కాళ్లు, గడ్డం. తొమ్మిదింటికి స్పానరు పట్టుకుని వచ్చిన కాశీరాం, కాలిన పసుపు వాసనకు గేటు కాడనే ఆగిండు.

నిజామాబాద్ దవాఖానల మూడో రోజు సేటు వచ్చిండు, పండ్ల సంచితోని, కానిస్టేబుల్ సుకుమార్‌తోని. సేటుకు కరెంటు షార్టు అని రాయించుకోవాలె. రాజం పైపుకు సంచి తగిలించినందుకు వైరు తెగిందని కూడ ఒక మాట చేర్చిండు.

"నువ్వు గిట్లనే చెప్పు కాశీరాం," అన్నడు సేటు మెల్లగ. "నీ స్టిక్కర్ ఉంది మిషన్‌కు. సెన్సర్ పైకెక్కించింది నువ్వే. మనిద్దరం ఒక్కటే పడవల ఉన్నం."

కాశీరాం వాణి దిక్కు చూసిండు. వాణి నేల దిక్కు చూసింది. మంచం అటు దిక్కున రాజం బిడ్డ సువర్ణ తండ్రి మొఖం మీద ఈగల్ని తోలుతున్నది.

"రాసుకో సుకుమార్," అన్నడు కాశీరాం. "షార్టు కాదు. గ్యాసు. రూము సగం చేసింది సేటు. గాలి సందు మూసింది గుమాస్తా. సంచులడ్డం పెట్టి వాల్వు మూయనియ్యలేదు సేటు. సెన్సర్ కింద ఉండాలె, పైకెక్కించింది నేను. నా చెయ్యే. లీకు చూసి కూడ రూము ఖాళీ చేయించకుండ ఇంటికి పోయింది నేనే."

సుకుమార్ పెన్ను ఆపిండు. "ఇట్ల రాస్తే నీ మీద కూడ కేసైతది అన్న. సదువు రాకనా, బుద్ధి లేకనా?"

"రెండూ లేకనే. రాయి."

సేటు పండ్ల సంచి తీసుకుని పోయిండు. మంచం కింద పెట్టిన రెండు దానిమ్మలు కూడ మరువలేదు. కాశీరాం సంతకం పెట్టి వచ్చేసరికి రాజం కండ్లు తెరిచి ఉన్నడు. అంత విన్నడు.

"నిజం చెప్పినవ్ అల్లుడా. మంచిది," అన్నడు. గడ్డం కదిలితే నొప్పి కాబట్టి ఒక్కొక్క మాట ఆగి ఆగి వచ్చింది. "సెన్సర్ కాడ అందరితోని నేను కూడ నవ్విన ఆనాడు. నువ్వు ఎరుకున్నోనివని నవ్విన."

మధ్యాహ్నం కూడు వచ్చింది. కాశీరాం చారు పోసి, మెత్తగ కలిపి, ముద్ద చేసి రాజం నోటి కాడికి తీసుకపోయిండు.

సువర్ణ పళ్లెం గుంజుకున్నది.

"బావ, నువ్వు పోయి కూసో," అన్నది. "నీ చేతుల పని ఇగ మాకొద్దు."

వాణి లేచి మొగని చెప్పులు తెచ్చి తలుపు కాడ పెట్టింది.