లింక్డ్ లిస్ట్ వైవాలో నేను అనని ‘యెస్ సార్’

మా కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ పరీక్షలకు ఒక ఆచారం ఉండేది. బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చే ఎక్స్‌టర్నల్‌కు మధ్యాహ్నం బిర్యానీ, మాకు పొద్దున్నే హితబోధ: ఆయన ఏదంటే దానికి ‘యెస్ సార్’ అనండి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌కు మిర్యాలగూడ నుంచి ఒకాయన వచ్చాడు. ఆ ల్యాబ్ తప్పితే వచ్చే నెల క్యాంపస్ ఇంటర్వ్యూకు నన్ను కూర్చోనివ్వరు. పెన్‌పహాడ్‌లో గొర్రెలు కాసే మా నాయనకు కూడా ఆ సంగతి తెలుసు.

"మధ్యలో ఒక విలువ చేర్చాలి. ‘అరే’లోనా, లింక్డ్ లిస్ట్‌లోనా, ఎందులో తేలిక?" అన్నాడాయన.

"‘అరే’ల విలువలన్నీ పక్కపక్కనే ఉంటయ్ సార్. బస్సుల వెనక సీటు లెక్క. నడుమ ఒకరు కూసోవాలంటే ఆ చివరాయన నుంచి మొదలువెట్టి ఒక్కొక్కరు జరగాలె. లింక్డ్ లిస్ట్‌ల ఒక్కొక్కటి ఏడనో ఉంటది, తన తర్వాతి దాని అడ్రస్ మాత్రం పట్టుకొని ఉంటది; ఎవ్వరూ జరిగేది లేదు. కొత్తదాన్ని తర్వాతి దానికి కలిపి, ముందటి దాన్ని కొత్తదానికి కలిపితే ఖతం."

"గుడ్. అంటే లిస్ట్ ఎంత పొడుగున్నా చేర్చడానికి పట్టే పని ఒకటే."

అక్కడ ‘యెస్ సార్’ అంటే సరిపోయేది. గైడు పుస్తకంలోనూ అంతే ఉంది. కానీ నాకు ఒళ్లు మండింది. సగం నిజాన్ని పూర్తి నిజమని ఎందుకు ఒప్పుకోవాలి?

"చేర్చే జాగ అడ్రస్ ముందే మన చేతిల ఉంటేనే సార్. లేకుంటే మొదటి నుంచి లింకు పట్టుకొని ఆడిదాంక నడవాలె. లిస్ట్ పెరిగితే నడక పెరుగుతది."

"పుస్తకంలో అలా లేదు."

ఆయన వెనక నిలబడ్డ మా ల్యాబ్ సారు, వద్దు వద్దని చేతులూపుతున్నాడు. నేను చూడనట్టే బోర్డు దగ్గరికి పోయి వరుసగా డబ్బాలు గీసి, బాణాలతో కలిపి, చాక్‌పీసు ఎక్స్‌టర్నల్ చేతికిచ్చాను.

"మీరే నడుమ ఒకటి పెట్టుండ్రి సార్. మీకు మొదటి డబ్బా అడ్రస్ ఒక్కటే తెలుసు."

చాక్‌పీసు మొదటి డబ్బా నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి కదిలింది. తర్వాత ఆగింది. ఆయన మొహం ఎర్రబడింది.

"సారీ చెప్పు. పాస్ చేస్తాను."

"సారీ చెప్తే నడక తగ్గుతదా సార్?"

ఫెయిల్ చేశాడు. బయటికొచ్చాక మా ల్యాబ్ సారు తల పట్టుకున్నాడు. "ఒక్క మాట ఒప్పుకుంటే ఏం పోయేదమ్మా? ఇంటర్వ్యూ పోయింది కదా!" నిజమే, పోయింది. ఏడుపు కూడా వచ్చింది. కానీ తిరిగి లోపలికి పోవాలని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

సాయంత్రం ఊళ్లో, నేను ఫెయిలైన సంగతి విని, దొడ్లోకి మందను తోలుతూ నాయన అడిగాడు.

"ఏం తప్పు చెప్పినవ్ బిడ్డా?"

"తప్పు చెప్పుమన్నరు నాయనా. చెప్పలే."