అమ్మకు చూపించిన తొంభై ఎనిమిది

ఇంట్లో ఉన్నటువంటి ఆక్సిమీటరే అక్కకూ ఒకటి కొందామని నాన్నతో గోల్‌బజార్ షాపుకి వెళ్లాను. పెట్టె మీద "నూరు శాతం కచ్చితం" అని ఉంది. తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, లైసెన్సు నంబరూ లేదు. పక్కనున్న థర్మామీటర్ పెట్టె మీద రెండూ ఉన్నాయి, కొలతలో ఎంత తేడా రావచ్చో కూడా రాశారు.

నాన్న రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఆక్సిమీటర్ నా వేలికి తగిలించి, చేతివాచీ చూస్తూ నిమిషంపాటు నా నాడి లెక్కపెట్టారు. నూట నాలుగు. మిషన్‌లో డెబ్బై రెండు.

"ఏటి దాదా ఇది? నాడే సరిగ్గా సూపలేనిది ఆక్సిజనేటి సూపిస్తాది?" అని నాన్న షాపతని మీద విరుచుకుపడ్డారు.

"అందరూ ఇదే కొంటన్నారు కదండీ," అన్నాడు షాపతను.

ఆయాసంగా ఉందన్న అమ్మకు నెలరోజులుగా ఇంట్లో ఉన్న అలాంటి మిషనే చూపించి, "ఆక్సిజన్ తొంభై ఎనిమిదుంది, నాటకాలాడకు" అని కసిరింది నేనే.