ముహూర్తానికి ఫెయిలయిన టెస్టు

కర్నూలులో ఒక బట్టల కొట్టు మేడ మీద మా ఆఫీసు. కొట్టూ, ఆఫీసూ ఒకే ఓనరువి. ఎర్రగుంట్ల సిమెంటు లారీలకు టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. అందరి కోడునూ కలిపి, టెస్టులన్నీ నడిపే పని రోజుకొకసారి బిల్డ్ మెషీన్ తనంతట తానే చేసేది. అది ఏ వేళకు చేయాలో మాత్రం ఓనరు చెప్పాలి. గోడ మీది క్యాలెండరులో రాహుకాలం, వర్జ్యం చూసి ముహూర్తం పెట్టేవాడు. ఒకనాడు తెల్లవారుజామున నాలుగున్నర, ఇంకోనాడు పొద్దున పది. పెళ్లికైనా అంత చూస్తారో లేదో.

నేను టెస్టర్‌ని, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బ్రౌజర్ తెరిచి, ఒక లారీకి టోకెన్ ఇచ్చి, అది ఈరోజు జాబితాలో కనపడుతుందో లేదో చూసే టెస్టు నేను రాసిందే. బిల్డ్‌లో రెండు రోజులు పాసయితే మూడోరోజు ఫెయిలయ్యేది. ఆఫీసుకొచ్చి అదే మెషీన్‌లో మళ్లీ నడిపితే నంగనాచిలా పాసయ్యేది.

"నా ల్యాప్‌టాప్‌లో బాగనే పోతాండాది. నీ టెస్టుకే తిక్క" అన్నాడు మా సీనియర్. ఆయనకు తెలిసిన పరిశోధన అంతే. ఓనరైతే బిల్డ్ మెషీన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు. ఇంజనీర్లమని చెప్పుకునేవాళ్లం అందరం ఆ దండను చూస్తూ టీ తాగాం. అయినా టెస్టు ఫెయిలయింది.

"శుక్రవారం లోపల సరిచేయమ్మా. లేకుంటే ఆ టెస్టూ వద్దు, నువ్వూ వద్దు" అన్నాడు ఓనరు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక నాకు ఏడుపొచ్చింది.

ఎవరినీ అడగదలచుకోలేదు. బిల్డ్ నడిచిన వేళలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఫెయిలయినవన్నీ పొద్దున అయిదున్నరకు ముందువే. నా ల్యాప్‌టాప్ గడియారాన్ని నాలుగున్నరకు తిప్పి నడిపితే పాసయింది. అప్పుడు బిల్డ్ మెషీన్ సెట్టింగులు చూశాను. దాన్ని పెట్టినవాడు, మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ కాలాన్ని మార్చకుండానే వదిలేశాడు. మన అయిదున్నర దాకా దానికి ఇంకా నిన్ననే. ల్యాప్‌టాప్‌నూ గ్రీనిచ్ కాలానికి మార్చి, మన నాలుగున్నరకు, అంటే దాని లెక్కన ముందురోజు రాత్రి పదకొండుకు పెట్టి పదిసార్లు నడిపాను. పదిసార్లూ ఫెయిల్.

సాఫ్ట్‌వేర్ టోకెన్ మీద మన దేశపు తేదీనే సరిగ్గా వేస్తోంది. జాబితాను అడిగేటప్పుడు మెషీన్ తేదీ తీసుకున్నది టెస్టు. ఆ లైను రాసింది నేను. అందరినీ అంతగా ఈసడించుకున్న నేను!

లైను సరిచేసి, వెళ్లి ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. ఉద్యోగం ఖాయం చేశాడు.

"చూసినావామ్మా, ముహూర్తమే నీ తప్పు పట్టిచ్చింది" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. కానీ రోజూ పదింటికే నడిపి ఉంటే ఆ తప్పు ఎన్నటికీ బయటపడేది కాదు. తల ఊపి వచ్చేశాను.