గోడ మీద పసుపు గీతలు

నేను లారీలకు పేర్లు రాసేవాణ్ణి. నరసరావుపేటలో మా బావమరిది మెకానిక్ షెడ్డు పక్కనే నా చోటు. ఎనభైల్లో ఒక చలికాలం, దెబ్బా లేదు గాయమూ లేదు, కుడి భుజం పట్టుకుంది. ఆ వైపు తిరిగి పడుకుంటే ప్రాణం పోయేది. లారీ నుదుటి మీద రాయాలంటే చెయ్యి లేవదు. నా బతుకంతా ఆ ఎత్తులోనే ఉంది మరి!

బావమరిది తేల్చేశాడు. "తుప్పు పట్టింది బావా. బిగిసిన నట్టు లాగితేనే కదులుద్ది."

ఇంజన్లు ఎత్తే గొలుసుకు నా చెయ్యి కట్టి లాగాడు. నా కేకకు ఎదురు టీ కొట్టువాళ్ళు గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత చొక్కా తొడగడం, తల దువ్వడం మా ఆవిడ పనులయ్యాయి.

ఎముకల డాక్టరు నా మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పబోయాడు. ఆయన తిప్పినా తిరగలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మూత్రంలో మాత్రం చక్కెర ఉంది. భుజం ఇలా బిగుసుకుపోయే రోగం చక్కెర ఉన్నవాళ్ళకు ఎక్కువట.

గొలుసు సంగతి చెప్పాను. "ఎవడయ్యా లాగింది? కీలు చుట్టూ పొర వాచి మండతా ఉంది. ఇప్పుడు లాగితే ఇంకా మండుద్ది. ముందు నొప్పి తగ్గాల."

కీల్లో ఒక ఇంజెక్షన్ ఇచ్చి, మాత్రలు రాశాడు. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా, నొప్పి రానంత మేరకే ఊపమన్నాడు. నొప్పి తగ్గాక రమ్మన్నాడు.

కొన్ని నెలలకు నొప్పి చానావరకు పోయింది. హమ్మయ్య, నయమైందనుకుని నేను వెళ్ళనేలేదు. చెయ్యి మాత్రం లేవదు! రెండు నెలలు చూసి సిగ్గుపడుతూ వెళ్ళాను.

"నొప్పి పోతే రోగం పోయినట్టేనా? ఇది రెండో దశ. పొర బిగుసుకుపోయింది, ఇప్పుడు సాగదీయాల. తర్వాత అదే మెల్లగా వదులుద్ది. మొత్తం రెండేళ్ళు అనుకో."

"మత్తిచ్చి ఒక్కసారే వంచెయ్యరాదా?"

"కుదురుద్ది. మొండికేస్తే చూద్దాం. తొందరేంది?"

వేడి కాపడం పెట్టి, వేళ్ళతో గోడ ఎక్కమన్నాడు. ప్రతి శుక్రవారం షెడ్డు గోడ మీద వేళ్ళు అందినచోట పసుపు రంగుతో గీత గీసేవాణ్ణి. నెలల తరబడి గీత మీదే గీత పడింది. రంగు మందమైంది తప్ప పైకి పోలేదు. ఒకరోజు బ్రష్షులు అమ్మేస్తానని మా ఆవిడ ముందు ఏడ్చాను. "గోడ ఎక్కడికీ పోదులే, ఎక్కు," అంది.

తర్వాతి వేసవిలో ఒక శుక్రవారం గీత వేలెడు పైకి జరిగింది. కేక పెడితే బావమరిది వచ్చి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "నేను తాకను బావా," అన్నాడు. ఎంత నవ్వానో!

రెండో ఏడు దాటాక క్రోసూరు లారీ ఒకటి వచ్చింది. పేరంతా రాశాను. పై గుడిదీర్ఘాలకు మాత్రం బెత్తెడు అందలేదు. ఆ బెత్తెడు ఇప్పటికీ రాలేదు. ఆ రోజు వెనక్కి తిరిగి చూస్తే బావమరిది వస్తున్నాడు. ఈసారి చేతిలో గొలుసు లేదు, స్టూలు ఉంది.